ఫ్రిజ్ వచ్చే ముందురోజు వచ్చే ఫోన్

“మేడమ్, రేపు 11 నుంచి 2 మధ్యలో ఫ్రిజ్ తెస్తున్నాం. సర్వీస్ లిఫ్ట్ బుక్ చేయించి పెట్టండి.” హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఈ ఫోన్ కొత్తేమీ కాదు. చాలామంది “సరే” అని పెట్టేస్తారు. ఆ రెండు నిమిషాల్లో అడగాల్సినవి అడక్కపోతే మర్నాడు ఫ్రిజ్ గేటు దగ్గరే ఆగిపోతుంది.

మొదట అడగాల్సింది పెట్టె కొలత. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండేది సాధారణంగా ఫ్రిజ్ కొలత. లిఫ్ట్ ఎక్కేది మాత్రం అట్టపెట్టె, థర్మాకోల్‌తో కలిపి. ఉదాహరణకు పక్కపక్కన రెండు తలుపులుండే పెద్ద ఫ్రిజ్ తీసుకుందాం. పెట్టెతో కలిపి వెడల్పు 97 సెంటీమీటర్లు, లోతు 77 అనుకోండి. మీ లిఫ్ట్‌లో 8 మంది, 544 కిలోలు అని రాసి ఉంది. బరువుతో ఇబ్బంది లేదు. లోపల 130 సెంటీమీటర్ల వెడల్పు, 110 లోతు ఉంటే చోటుకూ ఢోకా లేదు. కానీ తలుపు తెరుచుకునేది 80 మాత్రమే. ఎదురుగా తోస్తే పట్టదు, పక్కకు తిప్పితే మూడు సెంటీమీటర్ల సందుతో వెళ్తుంది. అందుకే టేపు పెట్టాల్సింది ముందు లిఫ్ట్ తలుపు దగ్గర. ఎత్తు కూడా చూడండి. ఫ్రిజ్‌ను పడుకోబెట్టి ఎక్కిద్దాం అంటే ఒప్పుకోవద్దు. కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి జారుతుంది. పడుకోబెట్టక తప్పకపోతే, నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి.

తర్వాత సమయం. లిఫ్ట్‌ను 11కే గంటసేపు అడిగితే, వ్యాన్ ఒంటిగంటకు వచ్చినప్పుడు మీ వంతు అయిపోయి ఉంటుంది. అసోసియేషన్ ఆఫీసుకు ఇలా మెసేజ్ పెట్టండి: “రేపు 11 నుంచి 2 మధ్య 904కి ఫ్రిజ్ వస్తోంది. వ్యాన్ బయల్దేరగానే చెప్తాను, అది వచ్చినప్పటి నుంచి అరగంట సర్వీస్ లిఫ్ట్ కావాలి. లోపల గోడలకు అట్టలు కట్టించండి.” డ్రైవర్‌ను అరగంట ముందు ఫోన్ చేయమనండి. చెత్త దించే వేళలు, ఆదివారం సామాన్లకు అనుమతి ఉందో లేదో సెక్యూరిటీ డెస్క్‌లో కనుక్కోండి.

అసలు చిక్కు ఇన్‌స్టలేషన్‌తో. తెచ్చేవాళ్లు వేరు, బిగించే టెక్నీషియన్ వేరు. చాలాసార్లు అతను మర్నాడో, ఆ మర్నాడో వస్తాడు. తను రాకముందే పెట్టె విప్పొద్దని కొన్ని కంపెనీలు అంటాయి. కాబట్టి “బిగించేది మీరేనా, ఎప్పుడు? పెట్టె ఎవరు విప్పుతారు?” అని ఆ ఫోన్‌లోనే తేల్చుకోండి. పెట్టె బయట చిరుగులు, సొట్టలు చూశాకే ఓటీపీ చెప్పండి. ఉంటే ఫొటో తీసి, డెలివరీ కాగితం మీద రాయించండి.

విప్పిన అట్టలు, థర్మాకోల్ కిందికి పోవాలంటే మళ్లీ అదే లిఫ్ట్ కావాలి. వాటిని ఎవరు తీసుకెళ్తారో అడిగి, మీరే దించుకోవాల్సి వస్తే టెక్నీషియన్ వచ్చే రోజుకూ ఓ పావుగంట బుక్ చేయించండి.