ఎర్తు సరిగా లేకపోతే ఆల్టర్నేటర్ ఏం చేస్తుంది?

రాత్రిపూట సిగ్నల్ దగ్గర కారు ఆగుతుంది. ముందున్న బండి మీద పడుతున్న మన హెడ్‌లైటు వెలుగు కాస్త పసుపెక్కి మందగిస్తుంది. పచ్చలైటు పడి యాక్సిలరేటర్ తొక్కగానే మళ్ళీ తెల్లగా, నిండుగా వస్తుంది. ఈ సంగతి చెబితే చాలా షెడ్లలో వచ్చే మొదటి మాట "ఆల్టర్నేటర్ పోయింది సార్, మార్చేద్దాం" అని. కొన్నిసార్లు అది నిజమే. కానీ వేలు పోసి ఆల్టర్నేటర్ మార్పించుకున్నాక కూడా లైట్లు అలాగే మందగించే కార్లున్నాయి. అలాంటి కార్లలో అసలు దోషం బ్యాటరీ నెగిటివ్ నుంచి ఇంజిన్‌కు వెళ్ళే ఒక్క వైరులో ఉండొచ్చు. ఆ వైరును మీటరుతో పరీక్షించకుండా ఆల్టర్నేటర్ విప్పకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు బైకుల సంగతి పక్కన పెడదాం. పాత మోటారుసైకిళ్ళలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీ మీద కాక, ఇంజిన్‌లోని కాయిల్ నుంచి నేరుగా వచ్చే కరెంటు మీద వెలుగుతుంది. ఇంజిన్ నెమ్మదిస్తే లైటు తగ్గడం, రేస్ ఇస్తే పెరగడం వాటి సహజ గుణం, దోషం కాదు. కారులో లైట్లకు బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ కలిసి కరెంటిస్తాయి కాబట్టి వెలుగు ఇంజిన్ వేగాన్ని బట్టి అంతగా ఊగకూడదు. ఇక్కడ చెబుతున్నదంతా హాలోజన్ బల్బులున్న మామూలు 12 వోల్టుల కారు గురించి.

హాలోజన్ బల్బుకు వోల్టేజీ మీద ఎంత పట్టింపో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు తగ్గేది 10 శాతం కాదు, దాదాపు 30 శాతం. అందుకే ఒక్క వోల్టు పోయినా కంటికి తెలిసిపోతుంది.

ఇక ఆల్టర్నేటర్ సంగతి. దాన్ని ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ నిలకడగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ దానికి రెండు మూడు రెట్ల వేగంతో తిరుగుతుంది. అయినా ఆ వేగంలో అది తన పూర్తి శక్తిలో ఒక భాగమే ఇవ్వగలదు. పైన 60 ఆంపియర్లని రాసి ఉన్నది కూడా ఐడిల్‌లో అందులో సగం దగ్గరే ఆగిపోవచ్చు. దాని వెనకే ఉండే రెగ్యులేటర్ వోల్టేజీని 14 దరిదాపుల్లో నిలబెట్టాలని చూస్తుంది. అడిగే కరెంటు ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువైతే రెగ్యులేటర్ కూడా ఏమీ చేయలేదు. కొరతపడిన కరెంటును బ్యాటరీ పూడుస్తుంది, దాంతో వోల్టేజీ 12 వైపు జారుతుంది. లైట్లు, ఏసీ బ్లోయర్, వైపర్లు నడుస్తుండగా రేడియేటర్ ఫ్యాన్ కూడా అందుకుంటే ఆరోగ్యంగా ఉన్న కారులోనూ లైటు ఒక్క క్షణం కొద్దిగా తగ్గుతుంది. అంతవరకు మామూలే.

ఎర్తు వైరు ఇక్కడే కథలోకి వస్తుంది. కారులో ప్రతి బల్బుకూ, మోటారుకూ విడిగా రెండో వైరు బ్యాటరీ దాకా లాగరు. తిరుగు దారి బాడీ ఇనుమే. బ్యాటరీ నెగిటివ్ నుంచి సాధారణంగా ఒక సన్న వైరు బాడీకి, ఒక లావు వైరు ఇంజిన్‌కో గేర్‌బాక్సుకో బిగించి ఉంటాయి. ఆల్టర్నేటర్‌కు చాలా కార్లలో నెగిటివ్ వైరంటూ వేరే ఉండదు. దాని ఒళ్ళే నెగిటివ్, ఇంజిన్‌కు బోల్టుతో బిగించడమే దాని ఎర్తు. అంటే ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటంతా తిరిగి దాని దగ్గరికి చేరాలంటే ఇంజిన్‌కు వెళ్ళే ఆ లావు వైరే దారి. సెల్ఫ్ మోటారు లాగే వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటూ ఆ దారినే పోవాలి.

ఆ వైరు చివర చిలుము పట్టిందనుకోండి. లేదా లగ్గు కింద పెయింటు ఉండిపోయింది, బోల్టు వదులైంది. అప్పుడు అక్కడ కొంత వోల్టేజీ వృథాగా పోతుంది. రెగ్యులేటర్‌కు ఇది తెలియదు. చాలా పాత కార్లలో అది కొలిచేది తన సొంత టెర్మినల్‌కూ తన ఒంటికీ మధ్య వోల్టేజీని. అక్కడ 14.2 కనిపిస్తుంటే తన పని సరిగ్గా జరిగిందనే లెక్క. బ్యాటరీకి మాత్రం అందులో వోల్టు దాకా తగ్గి చేరుతుంది. రోజుల తరబడి ఇలా జరిగితే బ్యాటరీ ఎప్పుడూ సగం నిండిన స్థితిలోనే ఉండిపోతుంది. ఐడిల్‌లో ఆల్టర్నేటర్‌కు కరెంటు కొరత పడినప్పుడు ఆదుకోవాల్సిన బ్యాటరీ అప్పటికే నీరసించి ఉంటుంది కాబట్టి వోల్టేజీ చటుక్కున పడిపోతుంది. అసలే వేగం చాలక ఇబ్బంది పడుతున్న ఆల్టర్నేటర్, చెడ్డ అతుకును దాటడానికి అదనపు వోల్టేజీ కూడా పుట్టించాల్సి వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే దానికి బలం వచ్చి లైటు లేస్తుంది. చూసేవాళ్ళకు తప్పంతా ఆల్టర్నేటర్‌దే అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఒక కేసు వివరంగా చూద్దాం. పన్నెండేళ్ళ వయసున్న చిన్న పెట్రోల్ కారు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఆరుబయట ఉండేది. క్లచ్ ప్లేటు మార్పించిన కొన్ని నెలలకు సిగ్నళ్ళ దగ్గర లైట్లు మందగించడం మొదలైంది. ఆల్టర్నేటర్ మార్చారు, మార్పు లేదు. చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ మల్టీమీటరు తీశాడు.

పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు బ్యాటరీ 12.2 చూపింది. నిండా చార్జున్న బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి. 12.2 అంటే సగం ఖాళీ. తర్వాత ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేశాడు, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఆగాడు. బ్యాటరీ మీద 12.0. ఇంజిన్‌ను 2000 చుట్లకు లేపితే 13.0. ఈ తేడాకే లైటు వెలుగు దాదాపు పావు వంతు ఊగుతుంది. ఇంతవరకు చూసి ఆపేస్తే మళ్ళీ ఆల్టర్నేటర్ మీదే అనుమానం. అతను ఆపలేదు. ఇంజిన్ అదే వేగంలో ఉండగా మీటరు ఒక కాడను ఆల్టర్నేటర్ వెనకున్న లావు టెర్మినల్ మీద, రెండోదాన్ని ఆల్టర్నేటర్ ఒంటి మీద పెట్టాడు. 14.2 ఉంది. అంటే ఆల్టర్నేటర్ నిక్షేపంలా ఉంది. అక్కడ పుట్టిన వోల్టేజీ బ్యాటరీకి చేరేలోగా 1.2 ఎక్కడో పోతోంది.

ఎక్కడ పోతోందో పట్టే పద్ధతిని వోల్టేజ్ డ్రాప్ పరీక్ష అంటారు. మీటరును 20 వోల్టుల డీసీ మీద ఉంచి, ఒక కాడను బ్యాటరీ నెగిటివ్ స్తంభం మీద, అంటే క్లాంపు మీద కాకుండా సీసపు స్తంభం మీదే పెట్టాలి. రెండో కాడను ఇంజిన్ మీద రంగులేని లోహానికి ఆనించాలి. ఇంజిన్ నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండాలి. కరెంటు పారనప్పుడు చెడ్డ అతుకు కూడా మంచిదానిలాగే సున్నా చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉంటే ఇక్కడ 0.2 వోల్టు దాటకూడదు. ఈ కారులో 1.1 వచ్చింది. సెల్ఫ్ కొడుతుండగా అదే చోట 2.5. పాజిటివ్ వైపు, ఆల్టర్నేటర్ టెర్మినల్ నుంచి బ్యాటరీ పాజిటివ్ దాకా పోయింది 0.1 మాత్రమే. దొంగ దొరికాడు. సెల్ఫ్ కొంతకాలంగా బరువుగా తిరుగుతోందని యజమాని అప్పుడు గుర్తు చేసుకున్నాడు. అతను దాన్ని బ్యాటరీ ముసలితనం అనుకున్నాడు.

నిర్ధారించుకోవడానికి ఎలక్ట్రీషియన్ బండి ఆపి, ఒక జంపర్ కేబుల్‌తో బ్యాటరీ నెగిటివ్‌ను నేరుగా ఇంజిన్‌కు కలిపి మళ్ళీ స్టార్ట్ చేశాడు. సెల్ఫ్ చురుగ్గా తిరిగింది, లైట్లు తేరుకున్నాయి. కొత్త సామాను కొనకముందే జబ్బు తేల్చే పరీక్ష ఇది. మీటరు లేనివాళ్ళు కూడా చేసుకోవచ్చు. కేబుల్ ఫ్యాన్‌కూ బెల్టుకూ తగలకుండా, పాజిటివ్ దరిదాపులకు పోకుండా చూసుకోవాలి.

వైరు విప్పితే విషయం తెలిసింది. క్లచ్ పని కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు ఎర్తు వైరు ఊడదీసి, మట్టీ నూనే పట్టిన చోటే తిరిగి బిగించారు. బోల్టు పూర్తిగా బిగియలేదు. ఉప్పుగాలి మిగతా పని చేసింది. లగ్గు దగ్గర తొడుగు కోస్తే లోపలి రాగి తీగలు పచ్చటి చిలుముతో పొడిపొడిగా ఉన్నాయి. అలాంటి వైరును గీకి వాడటం వృథా. అంతే లావో, ఇంకాస్త ఎక్కువో ఉన్న కొత్త వైరు వేయాలి. ముందు బ్యాటరీ నెగిటివ్ ఊడదీసి, బోల్టు కూర్చునే చోటును ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాక పైన గ్రీజో వాజలైనో పూయాలి. బిగించకముందు దట్టంగా పూస్తే లోహానికీ లోహానికీ మధ్య అదే అడ్డుపడుతుంది. బ్యాటరీని బయట చార్జరుతో నిండా చార్జ్ చేశాక అవే లైట్లు, అదే ఫ్యాన్‌తో ఐడిల్‌లో 13.3, రేస్ ఇస్తే 14.0 వచ్చింది. ఆ మిగిలిన కొద్ది తేడా ఏ కారులోనైనా ఉండేదే.

లక్షణాల్లో చిన్న తేడాలు కూడా దారి చూపిస్తాయి. ఒక్క హెడ్‌లైటే మందంగా ఉంటే అది ఆల్టర్నేటర్ పని కాదు, ఆ లైటు ఎర్తుదో, పాజిటివ్ వైపు అతుకుదో. ఎర్తు దొరక్క కరెంటు అదే బల్బులోని రెండో ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటే డిమ్మూ బ్రైటూ రెండూ మసకగా వెలుగుతాయి. ఇంజిన్ ఎర్తు మరీ చెడితే కరెంటు క్లచ్ కేబుల్ గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి వాటిని వేడెక్కిస్తుంది. ఈ గుర్తు కనిపిస్తే బండి నడపడం ఆపి ఆ వైరు చూడాలి. రెండు వైపులా డ్రాప్ 0.2 లోపే ఉండి, బెల్టు కీచుమనకుండా బిగువుగా ఉండి, 2000 చుట్లలో కూడా ఆల్టర్నేటర్ టెర్మినల్ మీద 13.5 రాకపోతే అప్పుడు దాన్ని విప్పించండి. బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, రెగ్యులేటర్‌ లేదా డయోడ్లు పోయి ఉండొచ్చు.

ఒక పాత అలవాటును మాత్రం గట్టిగా అడ్డుకోవాలి. ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేవాళ్ళు ఇంకా ఉన్నారు. కరెంటు తీసుకుంటున్న బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే వోల్టేజీ క్షణకాలం ఎన్నో రెట్లు ఎగిసిపడుతుంది. ఇంజిన్ కంప్యూటర్, రెగ్యులేటర్, డయోడ్లు ఆ దెబ్బకు కాలిపోవచ్చు. మంచి ఆల్టర్నేటర్ ఆ పరీక్షలోనే చెడిపోవచ్చు.

ఈ అంకెలు కొత్త కార్లన్నిటికీ వర్తించవు. కొన్నింటిలో ఇంధనం ఆదా కోసం ఇంజిన్ కంప్యూటరే ఆల్టర్నేటర్ వోల్టేజీని కావాలని 12.5 దాకా దించి, మళ్ళీ 15 దాకా లేపుతుంది. ఎల్ఈడీ హెడ్‌లైట్లలో చాలావాటికి లోపలి సర్క్యూటు వోల్టేజీ తగ్గినా వెలుగు తగ్గనివ్వదు. అందువల్ల ఇలాంటి కార్లలో ఎర్తు చెడిందన్న సంగతి లైట్లు చూస్తే తెలియదు. సెల్ఫ్ బరువుగా తిరగడమే మొదటి గుర్తు కావచ్చు. నెగిటివ్ స్తంభం నుంచి ఇంజిన్‌కు చేసే డ్రాప్ పరీక్ష మాత్రం వీటికీ అలాగే పనికొస్తుంది.