రాని బాకీ వచ్చింది, ఎవరికి క్రెడిట్?

కిందటేడు రమేష్ దివాలా తీశాడు. అతని నుంచి రావలసిన 5,000 రూపాయలను రాని బాకీగా కొట్టేశారు. ఈ ఏడాది అతనే వచ్చి ఆ 5,000 నగదుగా ఇచ్చి వెళ్లాడు. చిట్టాపద్దు రాయండి.

బి.కాం. మొదటి సంవత్సరం పిల్లలకు ఈ లెక్క ఇస్తే క్లాసులో చాలామంది నగదు ఖాతాకు డెబిట్, రమేష్ ఖాతాకు క్రెడిట్ అని రాస్తారు. తప్పని చెబితే ఒకమ్మాయి ఒప్పుకోలేదు. ‘‘రూల్ ప్రకారమే రాశాను కదా సార్! పుచ్చుకొనేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. ఇచ్చింది రమేషే కదా?’’ అంది. రూలు ఆమెకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఆమె దగ్గరున్న ఫ్లాష్ కార్డుల కట్టలో మొదటి మూడు కార్డులూ అవే: వ్యక్తిగత, వాస్తవిక, నామమాత్రపు ఖాతాల సూత్రాలు. ఒకవైపు ఖాతా పేరు, వెనక సూత్రం. కార్డుల మీద ఆమె పడ్డ శ్రమకు వంక పెట్టలేం. కానీ ఆ కార్డు అడిగే ప్రశ్నను పరీక్షలో ఎవరూ అడగరు.

పరీక్షలో అడిగేది ఒక లావాదేవీ. విద్యార్థి తేల్చుకోవలసింది అందులో ఏ రెండు ఖాతాలు కదిలాయన్నది. రాని బాకీగా రాసిన రోజే రమేష్ ఖాతా మూతబడింది. ఇప్పుడొచ్చిన డబ్బు వ్యాపారానికి ఒక లాభం, అంటే నామమాత్రపు ఖాతా. కాబట్టి నగదుకు డెబిట్, రాబట్టిన రాని బాకీల ఖాతాకు క్రెడిట్. రమేష్‌కే క్రెడిట్ రాస్తే మనమే అతనికి 5,000 బాకీ ఉన్నట్టు ఆవర్జాలో కనిపిస్తుంది. ఇంకో చిక్కేమిటంటే, అలా రాసినా అంకణా సరిపోతుంది. డెబిట్ 5,000, క్రెడిట్ 5,000. తప్పు చేశామన్న సంగతి కాగితం మీద ఎక్కడా బయటపడదు. ఇలాంటి చోట్లకే కార్డు కావాలి.

ఆ అమ్మాయి చేత రాయించిన కార్డు ఇది. ముందువైపు: ‘‘గతంలో రాని బాకీగా రాసిన 5,000 నగదుగా వచ్చింది. క్రెడిట్ ఎవరికి? బాకీదారుకు ఎందుకు కాదు?’’ వెనకవైపు రెండే ముక్కలు: ‘‘రాబట్టిన రాని బాకీలు. బాకీదారు ఖాతా అప్పటికే మూసేశాం.’’ డెబిట్ ఎవరికని అడగలేదు, నగదన్నది ఎవరైనా చెబుతారు కనుక. తడబడే చోటునే అడగాలి. ఒక కార్డులో ఒక్క ప్రశ్నే ఉండాలి. రెండు మూడు ఉంటే ఒకటి వచ్చి ఒకటి రాకపోయినప్పుడు ఆ కార్డును వచ్చినవాటిలో వేయాలా, రానివాటిలో వేయాలా తేలదు. అలాంటప్పుడు మనసు ఎప్పుడూ మనవైపే తీర్పు చెబుతుంది.

కార్డులను జతలుగా రాయడం ఇంకో మెలకువ. యజమాని సొంతానికి సరకు తీసుకున్నాడు, సరకు అగ్నిప్రమాదంలో కాలిపోయింది, సరకు ధర్మానికి ఇచ్చారు. మూడింటిలోనూ డెబిట్ మారుతుంది: సొంతవాడకాలు, అగ్నిప్రమాద నష్టం, ధర్మాలు. క్రెడిట్ మాత్రం మూడుసార్లూ కొనుగోళ్ల ఖాతాకే, అదీ కొన్న ధరకే. సరకు బయటికి పోయిందనగానే అమ్మకాలకు క్రెడిట్ రాసే అలవాటు ఈ మూడు కార్డులూ పక్కపక్కన పడితేనే పోతుంది. ఒకసారి రాసిన అంకెలు, పేర్లు వారానికోసారి పెన్సిల్‌తో మార్చండి. లేకపోతే ‘మూల నలిగిన కార్డు, రమేష్ కార్డు’ అని కార్డు రూపమే గుర్తుండిపోతుంది, లెక్క కాదు.

ఫైనాన్స్ సూత్రాల సంగతి కొంచెం వేరు. అక్కడ సూత్రం గుర్తుండాలి, నిజమే. కానీ మార్కులు పోయేది సూత్రం మరిచిపోయినందుకంటే అక్షరాల స్థానంలో తప్పు అంకె వేసినందుకే ఎక్కువ. నెలవాయిదా సూత్రం చూడండి:

```
EMI = P × i ÷ (1 − (1 + i)^−n)
```

లక్ష రూపాయల అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, 12 నెలవాయిదాలు. ఇక్కడ i నెలవడ్డీ, అంటే 0.01. n నెలల సంఖ్య, 12. వాయిదా సుమారు 8,885 వస్తుంది. కంగారులో i దగ్గర 0.12 వేస్తే సుమారు 16,144 వస్తుంది. దీనికి నేను మూడు కార్డులు రాయిస్తాను. మొదటిది మామూలుదే, సూత్రం రాయమంటుంది. రెండోది, ‘‘12 శాతం, నెలవాయిదా: i ఎంత, n ఎంత?’’ మూడోదే నాకు ఇష్టమైనది: ‘‘లక్ష అప్పుకు 12 నెలవాయిదాలు, ఒక్కొక్కటి 16,144 వచ్చింది. నమ్ముతావా?’’ వెనక జవాబు: ‘‘12 వాయిదాలూ కలిపితే 1,93,000 దాటింది. 12 శాతానికి ఏడాదిలో 93,000 వడ్డీ కాదు.’’ వడ్డీయే లేకపోయినా వాయిదా 8,333 ఉండాలి. అసలు జవాబు దానికి కాస్త పైన ఉంటుంది. ఈ అంచనా ఉన్నవాడు కాలిక్యులేటర్‌ను గుడ్డిగా నమ్మడు.

ఇక ఎప్పుడెప్పుడు తిప్పాలన్నది. చదివింది ఎంత త్వరగా చెరిగిపోతుందో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకంగా వేశాడు. కార్డులను పెట్టెలో గదులుగా పేర్చే పద్ధతిని 1970లలో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చాడు. వచ్చిన కార్డు తర్వాతి గదికి పోతుంది, రాని కార్డు మళ్లీ మొదటి గదికి వస్తుంది. పెట్టె లేకపోతే నాలుగు రబ్బరు బ్యాండ్లు చాలు.

పరీక్షకు నెల ఉందనుకుందాం. ఈరోజు రాసిన కార్డు రేపు చూడాలి. వస్తే మూడు రోజులకు, ఆ తర్వాత వారానికి, ఆపైన రెండు వారాలకు. రోజుకు 8 కొత్త కార్డుల చొప్పున 18 రోజులు రాస్తే 144 అవుతాయి. పద్దెనిమిదో రోజున పాతవి 24, కొత్తవి 8 చేతిలో ఉంటాయి, తప్పినవి అదనం. చాలామందికి అరగంట పని. ఆ తర్వాత కొత్త కార్డు రాయకూడదు. ఆలస్యంగా రాసిన కార్డులకు రెండు వారాల గడువు పరీక్ష దాటిపోతుంది. వాటిని గడువు చూడకుండా చివరి రెండు రోజుల్లో ఒకసారి తిప్పేయాలి. ఆంకీలాంటి ఫోన్ యాప్ వాడేవాళ్లకూ ఇదే చిక్కు. బాగా వచ్చిన కార్డును అది పరీక్ష అయిపోయిన తర్వాతికి నెట్టేయగలదు. అందుకే సెట్టింగుల్లో `Maximum interval` దగ్గర పరీక్షకు మిగిలిన రోజులకన్నా తక్కువ అంకె పెట్టుకోవాలి.

కార్డు తిప్పేముందు జవాబు రఫ్ కాగితం మీద పెన్నుతో రాయాలి. వెనక్కి తిప్పి చూసి ‘ఆఁ, ఇదే అనుకున్నా’ అన్నామంటే అది రానట్టే లెక్క. ఒకే కార్డు నాలుగుసార్లు తప్పితే జ్ఞాపకశక్తిని తిట్టుకోకండి, కార్డును చింపేయండి. అందులో రెండు ప్రశ్నలు ఇరుక్కుని ఉంటాయి, లేదా ఆ పాఠమే అర్థమై ఉండదు. మొదటిదైతే రెండు కార్డులు రాయండి. రెండోదైతే పుస్తకం తెరవండి, కార్డు చేయగలిగింది అక్కడ ఏమీ లేదు. ముగింపు లెక్కల్లో పది సర్దుబాట్లున్న పెద్ద లెక్క కూడా కార్డులకు లొంగదు. దాన్ని గడియారం ముందు పెట్టుకుని పూర్తిగా చేయాల్సిందే.

బజారులో అచ్చువేసిన కార్డుల సెట్లు దొరుకుతాయి, సీనియర్లు తమవి ఇస్తామంటారు. తీసుకోకండి. కిందటి యూనిట్ టెస్టులో ఎర్రసిరా పడ్డ మీ జవాబు పత్రం తీయండి. మీ మొదటి ఎనిమిది కార్డులూ అందులోనే ఉన్నాయి.