మందుల కంపెనీ హోటల్ పెడితే

హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ, ఒక హోటళ్ల కంపెనీ ఉన్నాయనుకుందాం. రెండింటి షేర్లూ స్టాక్ మార్కెట్లో ఉన్నాయి. రెండూ ఒకే తీరున ఎగిరిపడుతుంటాయి. రాబడిలో హెచ్చుతగ్గులను కొలిచే స్టాండర్డ్ డీవియేషన్ రెండింటికీ ఏడాదికి 30 శాతం. నిఫ్టీకి అది 15 శాతం. చార్టులు పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలోనూ రిస్కు ఒకటే అనిపిస్తుంది. అయినా మందుల షేరు నుంచి మదుపరులు 10 శాతం ఆశిస్తే చాలనీ, హోటళ్ల షేరు నుంచి మాత్రం 16 శాతం రావాలనీ చెప్పే సిద్ధాంతం ఒకటుంది. దాని పేరు క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్. ఫైనాన్స్ వాళ్లు పొట్టిగా క్యాప్‌ఎం అంటారు. విలియం షార్ప్ దీన్ని 1964లో ప్రచురించాడు. జాన్ లింట్నర్, యాన్ మోసిన్ ఎవరికి వారుగా దాదాపు అదే కాలంలో అదే తీర్మానానికి వచ్చారు. షార్ప్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండు షేర్లూ ఎందుకు ఊగుతున్నాయో చూస్తే తేడా తెలుస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ అధికారులు ప్లాంటు తనిఖీకి వచ్చి, లోపాలు రాసిన ఫారం 483 చేతిలో పెట్టి వెళ్లారన్న వార్త వస్తే మందుల షేరు ఒక్క రోజులో కుప్పకూలవచ్చు. కొత్త జెనరిక్ మందుకు అనుమతి వస్తే అంతే వేగంగా లేవవచ్చు. ఈ రెండింటికీ దేశంలో వ్యాపారాలు ఎలా సాగుతున్నాయన్నదానితో పెద్దగా సంబంధం లేదు. చేతిలో నలభై యాభై కంపెనీల షేర్లున్న మదుపరికి ఒకచోట పడింది ఇంకోచోట లేచి సర్దుకుంటుంది. హోటల్ సంగతి వేరు. కంపెనీలు ఖర్చులు తగ్గించుకునే రోజుల్లో ఉద్యోగుల ప్రయాణాలు ఆగిపోతాయి, సమావేశాలు రద్దవుతాయి, పెళ్లిళ్లు చిన్న హాళ్లకు మారతాయి. గదులు నిండకపోయినా అద్దె, జీతాలు, కరెంటు బిల్లు తప్పవు. మిగతా షేర్లన్నీ పడుతున్న రోజే హోటల్ షేరూ పడుతుంది. ఎన్ని రకాల షేర్లు కొన్నా ఆ దెబ్బను తప్పించుకోలేం.

క్యాప్‌ఎం వాదనంతా ఇక్కడే ఉంది. నాలుగు రకాల షేర్లు కొనుక్కుని ఎవరైనా ఊరికే వదిలించుకోగల రిస్కుకు మార్కెట్ అదనంగా ఏమీ చెల్లించదు. వదిలించుకోలేని రిస్కుకే చెల్లిస్తుంది. ఆ రెండో రకానికి కొలత బీటా. షేరు ఊగిసలాటను మార్కెట్ ఊగిసలాటతో భాగించి, ఆ రెండూ ఎంతవరకు కలిసి కదులుతాయో చెప్పే కోరిలేషన్‌తో గుణిస్తే బీటా వస్తుంది. మన రెండు కంపెనీలకూ మొదటి భాగం ఒకటే, 30ని 15తో భాగిస్తే 2. మందుల షేరుకు మార్కెట్‌తో కోరిలేషన్ 0.25 అయితే బీటా 0.5. హోటల్‌కు 0.75 అయితే బీటా 1.5. మార్కెట్ 10 శాతం పడితే మందుల షేరు సగటున 5 శాతం, హోటల్ షేరు 15 శాతం పడతాయన్నమాట. ఇక సూత్రం:

E(R) = Rf + β × (Rm − Rf)

Rf అంటే రిస్కు లేని రాబడి. మన దగ్గర దీనికి కేంద్ర ప్రభుత్వ పదేళ్ల బాండు రాబడిని తీసుకోవడం వాడుక. దాన్ని 7 శాతం అనుకుందాం. Rm మొత్తం మార్కెట్ నుంచి ఆశించే రాబడి. అది బాండు కంటే 6 శాతం ఎక్కువ అనుకుందాం. మందుల షేరుకు 7 + 0.5 × 6, అంటే 10 శాతం. హోటల్‌కు 7 + 1.5 × 6, అంటే 16 శాతం. ఇవి జోస్యాలు కావు. ఆ రిస్కు మోస్తున్నందుకు మదుపరి అడగాల్సిన కనీస ధర.

ఈ ధర కంపెనీ లోపలికి అడుగుపెట్టాక దాని పేరు డిస్కౌంట్ రేటు. మందుల కంపెనీ యజమానికి హోటల్ పెట్టాలన్న ముచ్చట పుట్టిందనుకోండి. ఒక భవనాన్ని 8 ఏళ్ల లీజుకు తీసుకుని, 100 కోట్లు పెట్టి ముస్తాబు చేస్తే, ఖర్చులు, పన్నులు పోను ఏటా 20 కోట్లు వస్తాయని అంచనా. లీజు ముగిశాక మిగిలేదేమీ ఉండదు. అప్పు సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఎనిమిది ఇరవైలు 160 అని సంబరపడటానికి లేదు. ఎనిమిదో ఏట వచ్చే 20 కోట్ల విలువ, 10 శాతం చొప్పున వెనక్కి లెక్కిస్తే ఈ రోజుకు 9.3 కోట్లే. 16 శాతం చొప్పున అయితే 6.1 కోట్లు. ఎనిమిదేళ్ల మొత్తాలనూ అలా ఈ రోజుకు తెచ్చి కూడితే 10 శాతం రేటుతో 106.7 కోట్లు వస్తుంది. 16 శాతంతో 86.9 కోట్లే. మొదటి లెక్క ప్రకారం దాదాపు 7 కోట్ల లాభం, రెండో దాని ప్రకారం 13 కోట్ల నష్టం.

ఏ రేటు వాడాలి? “మా వాటాదారులు మా నుంచి 10 శాతమే ఆశిస్తున్నారు, కాబట్టి మాకు పెట్టుబడి 10 శాతానికే దొరుకుతుంది” అంటాడు యజమాని. వినడానికి సబబుగానే ఉంది. కానీ వాళ్లు 10 శాతంతో సరిపెట్టుకున్నది ఆ డబ్బు మందుల్లో ఉందని. అదే డబ్బుతో వాళ్లు నేరుగా హోటళ్ల కంపెనీ షేర్లు కొనుక్కుంటే, అంతే రిస్కుకు 16 శాతం ఆశించవచ్చు. అలాంటప్పుడు తమ తరఫున యజమాని హోటల్ పెట్టి 10 శాతం తెస్తే ఎందుకు ఒప్పుకుంటారు? రేటు డబ్బు ఎవరిదన్నదాన్ని బట్టి కాదు, ఎక్కడ పెడుతున్నారన్నదాన్ని బట్టి తేలాలి. పాఠ్యపుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న సంగతే అయినా పెద్ద కంపెనీలే దీన్ని పాటించవు. క్రూగర్, లాండియే, తెస్మార్ అనే పరిశోధకులు 2015లో ప్రచురించిన పరిశీలనలో, రకరకాల వ్యాపారాలున్న కంపెనీలు తమ ప్రధాన వ్యాపారం కంటే బీటా ఎక్కువున్న విభాగాల్లో అవసరానికి మించి పెట్టుబడి పెడుతున్నట్టు తేలింది. అన్నింటికీ ఒకే రేటు వాడితే జరిగేది అదే. రిస్కు ఎక్కువున్న ప్రాజెక్టులు చవగ్గా కనిపిస్తాయి, తక్కువున్నవి ఖరీదుగా కనిపించి ఆగిపోతాయి.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది, నా దృష్టిలో అదే ఎక్కువ. హోటల్‌కు బార్ లైసెన్సు రాదేమో, పక్కనే ఇంకో హోటల్ వస్తుందేమో అన్న భయంతో 16కు ఇంకో 3 శాతం చేర్చి 19 చేసేస్తారు. ఆ భయాలు నిజమే కావచ్చు. కానీ అవి ఆ ఒక్క హోటల్‌కు సంబంధించినవి, బీటాలో వాటికి చోటు లేదు. వాటి స్థానం 20 కోట్ల అంచనాలో. లైసెన్సు వస్తే ఎంత, రాకపోతే ఎంత, వచ్చే అవకాశం ఎంత అని చూసి సగటు కట్టాలి. అన్నీ కలిసొస్తే వచ్చే అంకెను అంచనాగా రాసుకుని, ఆ అతిశయాన్ని రేటుతో విరవాలని చూస్తే రెండు లెక్కలూ చెడతాయి.

ఇంతకీ హోటల్ బీటా 1.5 అని ఎలా తెలిసింది? సాధారణంగా గత 60 నెలల షేరు రాబడుల్ని నిఫ్టీ రాబడులతో పోల్చి ఒక గీత గీస్తారు. ఆ గీత వాలే బీటా. చిక్కేమిటంటే, 60 నెలల లెక్కలో పొరపాటుకు చోటు చాలా ఎక్కువ. మన మందుల షేరునే తీసుకుంటే 0.5 అన్న బీటాకు ప్రామాణిక దోషం 0.25 దాకా ఉంటుంది. అంటే అసలు బీటా సున్నాకూ 1కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. డిస్కౌంట్ రేటు 7 నుంచి 13 శాతం దాకా ఏదైనా కావచ్చు. రెండు దశాంశ స్థానాల దాకా రేటు రాసిన నివేదిక చూసినప్పుడు నాకు నవ్వొచ్చేది ఇందుకే. అందుకే పని తెలిసినవాళ్లు ఒక్క కంపెనీ బీటాను నమ్మరు. అదే వ్యాపారంలో ఉన్న అనేక కంపెనీల బీటాలకు సగటు కడతారు. రోజూ చేతులు మారని చిన్న షేర్లతో ఇంకో ప్రమాదం ఉంది. మార్కెట్ ఈ రోజు పడితే వాటి ధర రెండు మూడు రోజుల తర్వాత కదులుతుంది, దాంతో రోజువారీ లెక్కలో బీటా తక్కువగా, షేరు భద్రంగా కనిపిస్తుంది. నెలవారీ లెక్కకు మారగానే బీటా ఎగబాకితే అనుమానించాల్సిందే.

సగటు కట్టేముందు అప్పును కూడా తీసేయాలి. అప్పున్న కంపెనీ ముందు వడ్డీ కట్టి మిగిలింది వాటాదారులకు ఇస్తుంది కాబట్టి వాళ్ల వాటా ఎక్కువ ఊగుతుంది. మనం పోల్చిన హోటళ్ల కంపెనీకి ఈక్విటీలో సగమంత అప్పుంది, పన్ను 25 శాతం అనుకుంటే, 1.5ను (1 + 0.75 × 0.5)తో భాగించాలి. హోటల్ వ్యాపారపు అసలు బీటా సుమారు 1.09. అప్పు లేకుండా పెట్టే మన హోటల్‌కు రేటు 16 కాదు, 13.5 శాతం. ఆ రేటుతో ప్రాజెక్టు విలువ 94 కోట్లు. నష్టం తగ్గింది గానీ పోలేదు.

సిద్ధాంతానికీ బలహీనతలున్నాయి. బ్లాక్, జెన్సెన్, షోల్స్ 1972లోనే అమెరికా షేర్లను పరీక్షించి, తక్కువ బీటా షేర్లు సూత్రం చెప్పినదాని కంటే ఎక్కువ, ఎక్కువ బీటా షేర్లు తక్కువ రాబడి ఇచ్చాయని చూపారు. 1992లో ఫామా, ఫ్రెంచ్ ఇంకా గట్టిగా కొట్టారు. అయినా ప్రాజెక్టుల లెక్కల్లో దీని వాడకం ఆగలేదు. గ్రాహమ్, హార్వీ 2001లో ప్రచురించిన సర్వేలో జవాబిచ్చిన అమెరికా కంపెనీల ఆర్థికాధికారుల్లో నలుగురిలో దాదాపు ముగ్గురు ఈ సూత్రాన్నే వాడుతున్నామన్నారు.

మన దగ్గర ఈ బీటా విమాన ప్రయాణికుడి జేబు దాకా వస్తుంది. శంషాబాద్ విమానాశ్రయంలో వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజును ఎయిర్‌పోర్ట్స్ ఎకనమిక్ రెగ్యులేటరీ అథారిటీ అయిదేళ్లకోసారి నిర్ణయిస్తుంది. విమానాశ్రయంలో పెట్టిన పెట్టుబడి మీద న్యాయమైన రాబడి ఎంతో తేల్చడం అందులో ఒక పెద్ద భాగం. వాటాదారుల వంతుకు వాడేది క్యాప్‌ఎం సూత్రమే. శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే కంపెనీ షేరు నేరుగా మార్కెట్లో లేదు కాబట్టి, లిస్టయిన విదేశీ విమానాశ్రయాల బీటాలు తెచ్చి, వాటి అప్పుల ప్రభావం తీసేసి, ఇక్కడి అప్పుకు తగ్గట్టు మళ్లీ చేరుస్తారు. బీటా బయటిదైనా బాండు రాబడి మాత్రం రూపాయిల్లోదే ఉండాలి, లేకపోతే ద్రవ్యోల్బణం లెక్క తప్పుతుంది.

బీటా పెరిగితే ఫీజు పెరుగుతుంది కాబట్టి నడిపేవారికి ఎక్కువ కావాలి, విమానయాన సంస్థలకు తక్కువ కావాలి. అసలు వాదించాల్సింది మాత్రం విదేశీ విమానాశ్రయాల జాబితా మీద కాదనిపిస్తుంది. ఇక్కడి నిబంధనల్లో ట్రూ-అప్ అనే ఏర్పాటుంది. ప్రయాణికులు అంచనా కంటే తగ్గి ఆదాయం పడిపోతే, ఆ లోటును తర్వాతి అయిదేళ్ల ఫీజులో సర్దుతారు. మాంద్యంలో ప్రయాణాలు తగ్గడమే విమానాశ్రయం బీటాకు ముఖ్య కారణం. ఆ దెబ్బలో చాలా భాగం ప్రయాణికుడి మీదికి మళ్లుతున్నప్పుడు, అలాంటి రక్షణ లేని విదేశీ విమానాశ్రయాల బీటాను యథాతథంగా ఇక్కడ వాడితే, ప్రయాణికుడు ఒకే రిస్కుకు రెండుసార్లు చెల్లించినట్టవుతుంది.