ధర పైకి, ఎంఏసీడీ కిందికి: ఇథీరియం చార్ట్‌లో డైవర్జెన్స్ ఎలా పట్టుకోవాలి?

పోయిన ఎపిసోడ్‌లో ఎంఏసీడీ క్రాస్ఓవర్ గురించి మాట్లాడుకున్నాం కదా, దాని కింద ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, క్రాస్ఓవర్ వచ్చేసరికి సగం మూవ్ అయిపోతోంది, అంతకన్నా ముందే తెలిసే దారి లేదా?" అని. ఉంది. దాన్నే డైవర్జెన్స్ అంటారు. కాకపోతే అది కొన్నిసార్లు మరీ ముందుగా వచ్చేస్తుంది. అలా ముందుగా వచ్చినదాన్ని నమ్మి నేను ఒకసారి బాగా నష్టపోయాను, ఆ కథ కూడా చెప్తాను.

ఈ రోజు మొత్తం ఒక్క కాయిన్ మీదే ఉందాం, ఇథీరియం. బిట్‌కాయిన్ కానిది ఏదైనా ఆల్ట్‌కాయినే కాబట్టి ఇది కూడా ఆల్ట్‌కాయినే. దీన్నే ఎందుకు తీసుకున్నానంటే 2021 అనే ఒక్క సంవత్సరంలోనే దీని చార్ట్‌లో బేరిష్ డైవర్జెన్స్ ఉంది, బుల్లిష్ ఉంది, ఫెయిల్ అయినది కూడా ఉంది. మీ ఫోన్‌లో చార్టింగ్ యాప్ ఓపెన్ చేసి `ETHUSD` పెట్టుకోండి, ఇండికేటర్స్‌లో `MACD` యాడ్ చేయండి. సెట్టింగ్స్ 12, 26, 9 అనే ఉంటాయి, వాటిని మార్చొద్దు. నేను చెప్పే నంబర్లు ఎక్స్ఛేంజ్‌ని బట్టి కొంచెం అటూఇటూ అవుతాయి, అందుకే అన్నీ దాదాపుగానే చెప్తున్నా.

ముందు అసలు ధర పెరుగుతుంటే ఎంఏసీడీ ఎలా తగ్గుతుందో చూద్దాం. ఇది అర్థం కాకపోతే మిగతాదంతా బట్టీ పట్టడమే అవుతుంది. ఎంఏసీడీ లైన్ అంటే ఏమీ లేదు, 12 క్యాండిల్స్ సగటులోంచి 26 క్యాండిల్స్ సగటు తీసేస్తే మిగిలేది. రెండూ ఎక్స్‌పొనెన్షియల్ సగటులే, అంటే కొత్త ధరలకి ఎక్కువ బరువు ఇచ్చేవి. ధర జోరుగా పెరిగితే చిన్న సగటు ముందుకి దూకుతుంది, పెద్ద సగటు వెనకబడుతుంది, మధ్యలో గ్యాప్ పెరుగుతుంది. ధర పెరుగుతూనే ఉన్నా ఆ జోరు తగ్గిందనుకోండి, వెనకబడ్డ పెద్ద సగటు మెల్లగా దగ్గరికి వచ్చేస్తుంది. గ్యాప్ తగ్గుతుంది.

బండి మీద వెళ్తూ యాక్సిలరేటర్ వదిలేశారనుకోండి. కిలోమీటర్ల రీడింగ్ ఇంకా పెరుగుతూనే ఉంటుంది, స్పీడ్ ముల్లు మాత్రం దిగుతూ ఉంటుంది. ధర ఆ కిలోమీటర్ల రీడింగ్, ఎంఏసీడీ ఆ ముల్లు. ముల్లు దిగిందంటే బండి వెనక్కి తిరిగిందని కాదు. మళ్ళీ యాక్సిలరేటర్ ఇవ్వొచ్చు కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

ఇప్పుడు వీక్లీ చార్ట్‌కి రండి. 2021 మే 12న ఇథీరియం దాదాపు 4,370 డాలర్ల దాకా వెళ్ళింది. ఆ నెల మధ్యలో వీక్లీ ఎంఏసీడీ లైన్ దాదాపు 640 దగ్గర శిఖరం కట్టింది. తర్వాత పెద్ద పతనం, మళ్ళీ కోలుకోవడం, నవంబర్ 10న కొత్త రికార్డు, దాదాపు 4,870. ధర పాత శిఖరం దాటేసింది. ఎంఏసీడీ మాత్రం నవంబర్ మధ్యలో దాదాపు 570 దగ్గరే ఆగిపోయింది. ధరలో పైశిఖరం, ఎంఏసీడీలో దిగువ శిఖరం. బేరిష్ డైవర్జెన్స్ అంటే ఇదే.

ఇక్కడ ఇంకో విషయం. ఎంఏసీడీ డాలర్లలో లెక్క. మేలో ధర 3,600 దగ్గర క్లోజ్ అయిన వారం 640 గ్యాప్ అంటే ధరలో దాదాపు 18 శాతం. నవంబర్‌లో 4,620 క్లోజ్ మీద 570 అంటే 12 శాతం చిల్లర. అంటే బలం కంటికి కనిపించే దానికన్నా ఎక్కువే తగ్గింది. అలాగే ఏ కాయిన్ అయినా కొన్ని నెలల్లో పది రెట్లు పెరిగితే, పాత శిఖరం ఎంఏసీడీతో కొత్తదాన్ని నేరుగా పోల్చకండి. ధర పెద్దదైపోయింది కాబట్టి గ్యాప్ కూడా డాలర్లలో పెద్దగానే కనిపిస్తుంది, డైవర్జెన్స్ ఉన్నా కనపడదు. అప్పుడు ఇలా ధరతో భాగించి శాతంలో చూడాలి.

మరి నవంబర్ 10న రికార్డు పడిన రోజే ఇది తెలిసిపోయిందా? లేదు! ఇక్కడే చాలామంది మోసపోతారు. వారం నడుస్తుండగా క్యాండిల్ ఇంకా మూసుకోలేదు, ఎంఏసీడీ చివరి చుక్క ధరతో పాటు కదులుతూనే ఉంటుంది. బుధవారం కనిపించిన డైవర్జెన్స్ శనివారానికి మాయమవ్వచ్చు. క్రిప్టోలో వీక్లీ క్యాండిల్ మన టైమ్ ప్రకారం సోమవారం పొద్దున 5:30కి మూసుకుంటుంది, డైలీ క్యాండిల్ రోజూ పొద్దున 5:30కి. అది మూసుకున్నాకే లెక్క. పైగా ఎంఏసీడీ 570 దగ్గర ఉన్నంత మాత్రాన శిఖరం అయిపోయినట్టు కాదు, వచ్చే వారం 700కి వెళ్ళొచ్చు. అది కిందికి తిరిగితేనే అది శిఖరం. నవంబర్ 22 సోమవారం పొద్దున క్యాండిల్ మూసుకున్నప్పుడు ధర 4,270 దగ్గర ఉంది, ఎంఏసీడీ కొంచెం దిగింది. డైవర్జెన్స్ ఉందని చెప్పగలిగింది అప్పుడే. ఎంఏసీడీ లైన్ సిగ్నల్ లైన్ కిందికి దిగడానికి డిసెంబర్ మధ్య దాకా పట్టింది, అప్పటికి ధర దాదాపు 4,100.

అంటే పైన 4,870లో ఎవరూ అమ్మలేదు ఈ పద్ధతితో. అలా అమ్మించేది ఏదీ లేదు కూడా. కానీ జనవరి 24న అదే ఇథీరియం 2,160 దగ్గరికి వచ్చింది, జూన్ 2022లో 900 కన్నా కిందికి పోయింది. 4,100 దగ్గర బయటపడినవాళ్ళకి ఆ ఆలస్యం పెద్ద లెక్కలోది కాదు.

ఇప్పుడు రెండో వైపు, బుల్లిష్. డైలీ చార్ట్‌కి మారండి, జూన్ జులై 2021. జూన్ 25న ఇథీరియం దాదాపు 1,813 దగ్గర క్లోజ్ అయింది, ఆ రోజుల్లో ఎంఏసీడీ దాదాపు మైనస్ 190 దాకా దిగింది. జులై 20న క్లోజ్ ఇంకా కిందికి, 1,787. ఎంఏసీడీ మాత్రం మైనస్ 100 దగ్గరే. కొత్తగా చూసేవాళ్ళు ఇక్కడ తడబడతారు, సున్నా కింద కాబట్టి మైనస్ 100 అంటే మైనస్ 190 కన్నా పైన. ధరలో దిగువ అడుగు, ఎంఏసీడీలో ఎత్తైన అడుగు. అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు కానీ జూన్‌లో ఉన్నంత తొందర వాళ్ళలో లేదు.

ఒక చిన్న చిక్కు ఉంది. మీరు క్యాండిల్ విక్‌లు చూస్తే జూన్ 22న, జులై 20న రెండుసార్లూ 1,700 దగ్గరే తాకి వెనక్కి వచ్చింది, దిగువ అడుగు కనపడదు. అందుకే నేను క్లోజ్‌లు చెప్పాను. ఎంఏసీడీ లెక్కేసేది క్లోజ్ ధరలతోనే, కాబట్టి పోల్చేటప్పుడు ధర వైపు కూడా క్లోజ్‌లే తీసుకోవాలి. చార్ట్‌ని క్యాండిల్స్ నుంచి లైన్ చార్ట్‌కి మార్చేస్తే ఈ గొడవే ఉండదు. మర్నాడు, జులై 21న ధర 2,000 దగ్గర క్లోజ్ అయింది, ఎంఏసీడీ పైకి తిరిగింది. అక్కడ ఎంటర్ అయినవాళ్ళకి తప్పు ఎక్కడ తేలుతుందో కూడా క్లియర్‌గా ఉంది: 1,700 కిందికి పోతే ఐడియా తప్పు, బయటికి రావాలి. ఆగస్టు మొదటి వారంలోనే ధర 3,000 దాటింది.

బాగుంది కదా. ఇప్పుడు నా కథ. అదే సంవత్సరం జనవరి. జనవరి 9, 10 తేదీల్లో ఇథీరియం క్లోజ్ 1,280 దాకా వచ్చింది, డైలీ ఎంఏసీడీ దాదాపు 170. జనవరి 24న క్లోజ్ దాదాపు 1,390, ఎంఏసీడీ 120 దగ్గర. పాఠంలో ఉన్నట్టే బేరిష్ డైవర్జెన్స్. నేను ఉన్నదంతా అమ్మేశాను, అమ్మి ఫ్రెండ్స్‌కి స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను, "టాప్ పట్టాను" అని. ఫిబ్రవరి 3కి 1,600 దాటింది. 20వ తేదీకి 2,000 తాకింది. నేను పక్కన కూర్చుని చూస్తూ ఉన్నాను.

ఏం తప్పు చేశాను? రెండు. ఒకటి, ధర ఏ ముఖ్యమైన అడుగునీ తెంచలేదు. జనవరి 21న ఒక్క రోజులో 1,380 నుంచి 1,110కి పడింది, మళ్ళీ లేచింది. నిజంగా తిరగాలంటే ఆ 1,110 కిందికి క్లోజ్ అవ్వాలి. అవ్వలేదు. అప్పటిదాకా అది డైవర్జెన్స్ మాత్రమే, తిరుగుడు కాదు. రెండోది, వీక్లీ చార్ట్ చూడలేదు. అక్కడ ఎంఏసీడీ వారం వారం పైకే పోతోంది. పెద్ద టైమ్‌ఫ్రేమ్ జోరు మీద ఉన్నప్పుడు డైలీలో కనిపించే బేరిష్ డైవర్జెన్స్ చాలాసార్లు ఊపిరి తీసుకోవడం అంతే. బండి ఉదాహరణలో మళ్ళీ యాక్సిలరేటర్ ఇచ్చినట్టు.

అందుకే ఇప్పుడు నేను డైవర్జెన్స్ చూస్తే చేసే మొదటి పని అమ్మడం కాదు. రెండు శిఖరాల మధ్య ఉన్న అడుగు దగ్గర ఒక గీత గీసి, దాని మీద అలర్ట్ పెడతాను. గీత కింద క్లోజ్ అయితే అప్పుడు ఆలోచిస్తాను. పదిహేను నిమిషాల చార్ట్‌లో వచ్చే డైవర్జెన్స్‌లని అసలు చూడను, రోజుకి నాలుగు వస్తాయి. చిన్న కాయిన్స్‌లో ఒకళ్ళిద్దరు పెద్ద హోల్డర్లు అమ్మితే చాలు, ఎంఏసీడీ ఏం చెప్పిందో ఎవరికీ పట్టదు.

ఇండియాలో ఉండి ట్రేడ్ చేసేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది, దీన్ని ఎవరూ చార్ట్ పక్కన పెట్టి చెప్పరు. క్రిప్టో లాభం మీద 30 శాతం టాక్స్, ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయడానికి లేదు. డైవర్జెన్స్ ట్రేడ్స్‌లో చిన్న నష్టాలు ఎక్కువ, పెద్ద లాభాలు తక్కువ. నాలుగు ట్రేడ్స్ చేశారనుకోండి. మూడింట్లో రెండేసి వేలు పోయాయి, ఒకదాంట్లో 8,000 వచ్చింది. చేతికి 2,000 మిగిలిందనిపిస్తుంది. కానీ టాక్స్ 8,000 మీద, సెస్ పక్కన పెట్టినా 2,400. అంటే చార్ట్‌లో గెలిచి కూడా 400 నష్టం. ఇది కాక అమ్మిన ప్రతిసారీ ఒక శాతం టీడీఎస్ కోసేస్తారు, తర్వాత రిటర్న్‌లో సర్దుకోవచ్చు కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. స్టాక్స్‌లో పనిచేసే లెక్క ఇక్కడ అలాగే పనిచేయదు. ఎన్ని ట్రేడ్స్ తీసుకుంటారో ముందు ఇలా కాగితం మీద వేసి చూడండి.

మీరు చేయాల్సింది ఒకటి చెప్తాను. ఇథీరియం డైలీ చార్ట్‌లో 2021 మొత్తం వెనక్కి వెళ్ళి, ఒక్కో క్యాండిల్ ముందుకి జరుపుతూ చూడండి. డైవర్జెన్స్ కనిపించిన ప్రతి చోటా తేదీ, క్లోజ్, ఎంఏసీడీ రాసుకోండి, మధ్యలో ఉన్న అడుగు తెగిందా లేదా అని పక్కన రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో హిడెన్ డైవర్జెన్స్ చూద్దాం, ఆ జనవరి చార్ట్‌నే మళ్ళీ తెరుద్దాం.