10:42కి తెర తీస్తారు

పెళ్లి లైవ్ నాలుగు గంటలు నడుస్తుంది. దూరాన ఉన్నవాళ్లు ఎదురుచూసేది మాత్రం జీలకర్ర బెల్లం పెట్టి తెర తీసే క్షణం, మూడు ముళ్లు పడే క్షణం. ఆ రెండూ పోతే, మిగతాదంతా ఎంత చక్కగా వచ్చినా, న్యూజెర్సీలో సెలవు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్న మేనత్తకు ఆ పెళ్లి చూసినట్టే కాదు. అందుకే లైవ్ చేసేవాళ్ల చేతిలో మంచి కెమెరా కంటే ముందు ఒక కాగితం ఉండాలి. దాన్నే రన్ ఆఫ్ షో అంటారు. ఏ భాగం ఎన్నింటికి మొదలవుతుంది, ఎంతసేపు ఉంటుంది, ఏ కెమెరా, ఏ మైకు, సైగ ఎవరిస్తారు, అది చెడితే ఏం చేయాలి అన్నది వరుసగా రాసి ఉండే పట్టిక అది.

టీవీ స్టూడియోలో ఈ కాగితాన్ని గడియారం నడుపుతుంది. పెళ్లిలో అలా కుదరదు. పంతులుగారు మన షీటు చూసి మంత్రం చదవరు. పెళ్లికూతురు ముస్తాబు పది నిమిషాలు ఆలస్యమవుతుంది, మేనమామ ట్రాఫిక్‌లో ఉంటాడు, బుట్ట కనిపించదు. ఇన్ని జారుతున్నా ఒక్క సమయం మాత్రం జరగదు, అదే ముహూర్తం. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం అభిజిత్ లగ్నానికే జరుగుతుంది. 2020 ఏప్రిల్ 2న లాక్‌డౌన్ వల్ల భక్తులు లేకుండా జరిపిన కల్యాణాన్ని జనం టీవీల్లోనే చూశారు, అప్పుడూ వేళ మారలేదు. కాబట్టి పెళ్లి షీటును మొదటి నుంచి చివరికి కాకుండా, ముహూర్తం నుంచి వెనక్కి రాసుకుంటూ రావాలి.

ఒక పెళ్లిని ఉదాహరణగా తీసుకుందాం. ముహూర్తం రాత్రి 10:42. వేసవి కనుక న్యూజెర్సీలో అప్పుడు మధ్యాహ్నం 1:12, కాలిఫోర్నియాలో ఉదయం 10:12. శుభలేఖతో పాటు లింకు పంపేటప్పుడు ఈ మూడు సమయాలూ రాయాలి. నవంబరు తర్వాతి పెళ్లయితే అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి వెళ్లి ఉంటాయి, ఆ తేడా చూసుకోవాలి.

షీటులో ముందు రాసే గీత 10:35. దాన్ని లాక్ అందాం. ఆ నిమిషం తర్వాత మండపం వదిలి కెమెరా ఎటూ తిరగదు, ఎవరూ బ్యాటరీ మార్చరు, ఎవరూ వైరు ముట్టుకోరు. అంటే బ్యాటరీలు, మెమరీ కార్డులు 10:20కే మారి ఉండాలి. అంతకు ముందు కన్యాదానానికి పాతిక నిమిషాలు, పెళ్లికూతుర్ని మేనమామలు బుట్టలో తీసుకురావడానికి పది, గౌరీపూజకు పదిహేను అనుకుంటే లైవ్ 9:45కి మొదలవ్వాలి. 9:30 నుంచి వధూవరుల పేర్లున్న కార్డు ఒకటి సన్నాయితో తెర మీద ఉంటే, లింకు పనిచేస్తోందో లేదో చుట్టాలు ముందే చూసుకుంటారు. ఈ తంతుల వరుస ఇంటింటికీ మారుతుంది. అందుకే ముందురోజు పంతులుగారి దగ్గర పది నిమిషాలు కూర్చుని, ఆయన చెప్పిన వరుసనే రాసుకోవాలి.

ఈ లెక్కలో ఎక్కడో ఒకచోట సాగే భాగం ఉండాలి. మూడు నిమిషాల చిన్ననాటి ఫొటోల వీడియో, ముందే రికార్డు చేసిన తాతగారి ఆశీర్వచనం లాంటివి రెండు మూడు సిద్ధంగా ఉంచుకుంటారు. పెళ్లికూతురు ఆలస్యమైతే అవి వేస్తారు, తంతు త్వరగా నడుస్తుంటే వదిలేస్తారు. ఒక్క షరతు, 10:25 దాటితే అవి వేయకూడదు. వీడియో మొదలయ్యాక పంతులుగారు తొందరపడితే మధ్యలో ఆపలేక కన్యాదానం పోగొట్టుకున్న లైవ్‌లు నేను చూశాను.

ఇక సైగ. గడియారాన్ని నమ్మలేని చోట మనుషుల కదలికే సైగ అవుతుంది. షీటులో "10:42, తెర" అని రాస్తే చాలదు. "పంతులుగారు మేళగాళ్ల వైపు చెయ్యెత్తగానే కెమెరా రెండు" అని రాయాలి. ఆ చెయ్యి లేచిందంటే గట్టిమేళం మొదలవుతుంది. అప్పటిదాకా ఆయన మంత్రానికి పెంచి ఉంచిన మైకులోకి డోలు ఒక్కసారిగా వచ్చిపడి శబ్దం చిట్లిపోతుంది. కాబట్టి అదే గడిలో శబ్దం చూసేవాడికీ ఒక పని ఉంటుంది, మైకు సగానికి తగ్గించడం. పిలిచేది ఒక్కరే అయ్యుండాలి. "రెండు, రెడీ" అని ముందు ఒకసారి, చెయ్యి లేచినప్పుడు "రెండు" అని ఇంకోసారి. రెడీ విన్న కెమెరామన్ ఇక కదలడు. ఆ సమయానికి ఫొటోగ్రాఫర్లూ బంధువులూ ఫోన్లెత్తి మండపం చుట్టూ గోడ కడతారు కనుక, ఎత్తు నుంచి తెరకు రెండు వైపులా కనిపించేలా ఒక కెమెరాను స్టాండు మీద కట్టేసి ఉంచాలి. మిగతా కెమెరాలకు జనం అడ్డం పడ్డా పిలిచేవాడు దానికి మారిపోవచ్చు.

చెడిపోయే వాటిలో మొదటిది కరెంటు. హాల్లో జనరేటర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు. కరెంటు పోయి జనరేటర్ అందుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. కెమెరాలకు బ్యాటరీ ఉంది, లాప్‌టాప్‌కు ఉంది. రౌటర్‌కు లేదు, చాలా వీడియో స్విచర్లకూ లేదు. అవి ఆరిపోయి తిరిగి లేచేసరికి, ముఖ్యంగా రౌటర్‌కు, ఒకటి రెండు నిమిషాలు పోతాయి. హాల్లో దీపాలు పదిహేను సెకన్లలో వచ్చేస్తే, లైవ్ మాత్రం రెండు నిమిషాలు చచ్చిపోయి ఉంటుంది. ఈ రెండింటికీ ఒక చిన్న యూపీఎస్ పెడితే ఆ గండం పూర్తిగా పోతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ముప్పు తప్పించేది లైవ్‌లో మరొకటి లేదని నా నమ్మకం.

రెండోది ఇంటర్నెట్. ఇక్కడ మోసపోయేది పరీక్ష చేసే వేళలో. మధ్యాహ్నం ఖాళీ హాల్లో ఫోన్ హాట్‌స్పాట్ అద్భుతంగా పనిచేస్తుంది. రాత్రి ఏడెనిమిది వందల మంది వచ్చి, ముహూర్తం వేళ అందరూ ఒకేసారి వీడియోలు పంపుతుంటే అదే టవర్ ఊపిరాడక నిలిచిపోతుంది. అందుకే ప్రధాన దారి హాలు బ్రాడ్‌బ్యాండ్ తీగ కావాలి, దానికి తోడు వేరే కంపెనీ సిమ్‌తో ఒక ఫోన్. మనం పంపే చిత్రం సెకనుకు 4 మెగాబిట్లయితే అప్‌లోడ్ వేగం కనీసం రెట్టింపు ఉండాలి. గంటకు దాదాపు 1.8 జీబీ ఖర్చవుతుంది, నాలుగు గంటలకు ఏడు దాటుతుంది. రోజుకు 2 జీబీ ప్లాన్ ఉన్న సిమ్ గంట దాటిన కాసేపటికే కుంటుపడుతుంది.

ఇప్పుడు 10:38 అనుకుందాం. లాప్‌టాప్‌లో ప్రసారం నడిపే ఓబీఎస్ కిందనున్న సూచిక ఆకుపచ్చ నుంచి ఎరుపుకు తిరిగింది, డ్రాప్ అయిన ఫ్రేముల సంఖ్య పెరుగుతోంది. షీటులో దీనికి ఒక గడి ముందే ఉండాలి. ఇరవై సెకన్లు ఆగాలి, ఎందుకంటే చిన్న కుదుపులు వాటంతటవే సర్దుకుంటాయి. సర్దుకోకపోతే మరో సిమ్‌కు మారాలి. మారమని చెప్పేది పిలిచేవాడే. అప్పుడు పెళ్లికొడుకు బావగారు వచ్చి "బాబూ, ఆగిపోయిందట" అంటే వినకూడదు. చూసేవాళ్లకు చిత్రం పదిహేను ఇరవై సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, ఆలస్యంగా చేరుతుంది. ఆయన చెబుతున్నది గడిచిపోయిన సంగతి, మనం అప్పటికే సరిచేసినదైనా కావచ్చు.

సిమ్ మార్చినా లాభం లేకపోతే చివరి దారి, మండపం పక్కన స్టాండు మీదున్న ఫోన్ నుంచి నేరుగా పంపడం. లాప్‌టాప్‌లో ఉన్న స్ట్రీమ్ కీనే ముందుగా ఫోన్‌లోని ప్రసార యాప్‌లో వేసి ఉంచితే లింకు మారదు, చుట్టాలకు కొత్తది పంపనక్కర్లేదు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఓబీఎస్ సంబంధం తెగినప్పుడు తనంతట తానే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఫోన్ వెళ్తుండగా లాప్‌టాప్ కూడా లేచిందంటే ఒకే కీ మీద రెండూ కొట్టుకుని చిత్రం ఎగిరెగిరి పడుతుంది. అందుకే గడిలో వరుస తప్పకుండా రాయాలి: ముందు లాప్‌టాప్‌లో స్టాప్, తర్వాతే ఫోన్‌లో స్టార్ట్. యూట్యూబ్ స్టూడియోలో Enable Auto-stop అనే మీటను ముందురోజే ఆఫ్ చేయడం కూడా షీటులోనే ఉండాలి. అది ఆన్‌లో ఉంటే సంబంధం తెగడాన్ని యూట్యూబ్ ప్రసారం ముగిసినట్టుగా తీసుకోవచ్చు. అప్పుడు ఆ లింకు మళ్లీ లేవదు, అందరికీ కొత్త లింకు పంపాలి. 10:40కి వాట్సాప్‌లో వచ్చిన కొత్త లింకును ఎవరు చూస్తారు?

ఇవన్నీ విఫలమైనా రికార్డింగ్ ఆగకూడదు. లాప్‌టాప్‌లో లైవ్‌తో పాటు రికార్డింగ్ కూడా పెట్టుకోవచ్చు, అయితే ఎంకేవీ ఫైలుగా పెట్టాలి. మామూలు ఎంపీ4 అయితే మధ్యలో లాప్‌టాప్ ఆగిపోయినప్పుడు ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు, ఎంకేవీ అప్పటిదాకా రికార్డయిందాన్ని కాపాడుతుంది. ముహూర్తం ముక్కను అరగంటలో అదే చానల్‌లో పెట్టే మనిషి పేరు కూడా షీటులో ఉండాలి.

అంతరాయం వచ్చినప్పుడు చూసేవాళ్లకు ఏం కనిపిస్తుందో కూడా ముందే ఆలోచించాలి. కెమెరా ఆగితే "కాసేపట్లో వస్తున్నాం" అన్న కార్డు వేయొచ్చు. ఇంటర్నెట్టే పోతే ఆ కార్డు కూడా వెళ్లదు. అప్పుడు కుటుంబం వాట్సాప్ గ్రూపులో "లింకు మార్చొద్దు, అక్కడే ఉండండి" అనే సందేశం వెళ్లాలి. అది ముందే టైపు చేసి, వేరే నెట్‌వర్క్ ఉన్న ఒకరి ఫోన్‌లో సిద్ధంగా ఉండాలి.

పాటల సంగతి కూడా షీటులో ఉండాల్సిందే. ఊరేగింపులోనో భోజనాల దగ్గరో డీజే వేసే సినిమా పాటల రికార్డులను యూట్యూబ్ యంత్రం గుర్తుపట్టగలదు. గుర్తుపడితే హెచ్చరిస్తుంది, మన చిత్రం స్థానంలో మరో బొమ్మ పెట్టవచ్చు, పాట ఆగకపోతే ప్రసారాన్నే నిలిపేయవచ్చు. కాబట్టి ఆ భాగాల దగ్గర శబ్దం గడిలో "డీజే లైను తీసుకోవద్దు, కెమెరా మైకు తక్కువలో" అని రాసుకుంటారు.

కాగితం మీద ఎంత బాగా రాసినా, సాయంత్రం ఆరింటికి ఒకసారి నిజంగా చెడగొట్టి చూడాలి. ప్రసారాన్ని ప్రైవేటుగా పెట్టి, నెట్ తీగ పీకాలి, ప్లగ్ పీకాలి, లాప్‌టాప్ నుంచి ఫోన్‌కు మారాలి. ప్రతిసారీ వాచీ చూసి, చిత్రం తిరిగి రావడానికి పట్టిన సమయం షీటులో పక్కన రాయాలి. ఫోన్‌కు మారడానికి నలభై సెకన్లు పట్టిందని తెలిస్తే, 10:41 తర్వాత మారే ప్రయత్నమే చేయకూడదని తేలిపోతుంది. అప్పుడు గడిలో "10:41 దాటితే మారొద్దు, రికార్డింగ్ చూసుకోండి" అని చేర్చాలి. కుంటుతూ అయినా వెళ్తున్న చిత్రాన్ని ఆ నిమిషంలో చేజేతులా తెంచుకోవడం కంటే ఇదే మేలు.

చివరి గడి అప్పగింతలు. అక్కడ లైవ్ ఎక్కడ ఆపాలో నిర్ణయించాల్సింది పెళ్లికూతురి తల్లిదండ్రులే, అదీ ముందురోజే. వాళ్లు వద్దంటే తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం అయ్యాక కృతజ్ఞతల కార్డు వేయాలి. ముందు మైకులన్నీ మూయాలి, ఆ తర్వాత కార్డు. వేరే నెట్‌వర్క్ మీదున్న ఫోన్‌లో ఆ కార్డు కనిపించాకే ముగించు నొక్కాలి. 12 గంటల లోపు ప్రసారమైతే ఆ రికార్డు అదే లింకులో నిలుస్తుంది కనుక, రాత్రి చూడలేకపోయిన వాళ్లకు పొద్దున మళ్లీ పంపాల్సినది కూడా ఆ పాత లింకే.