వాయిదా రోజున ఏ రేటు వేశారు?

2008 వేసవిలో పోలండ్‌లో ఒక స్విస్ ఫ్రాంక్‌కి రమారమి రెండు జ్లోటీలు ఇస్తే సరిపోయేది. జ్లోటీ అక్కడి కరెన్సీ. జ్లోటీలో ఇంటి అప్పు తీసుకుంటే వడ్డీ ఎక్కువ, ఫ్రాంకులో తీసుకుంటే తక్కువ. లక్షల కుటుంబాలు ఫ్రాంకు అప్పువైపే మొగ్గాయి. ఆ తర్వాత ఫ్రాంకు విలువ పెరిగింది, వాయిదాలు మోయలేనంత అయ్యాయి. పోలండ్ ఫ్రాంకు అప్పుల గురించి బయటి ప్రపంచానికి తెలిసిన కథ ఇంతే. అయితే కోర్టుల్లో ఎక్కువగా నలిగింది ఫ్రాంకు పెరగడం కాదు. ప్రతి వాయిదా రోజున ఫ్రాంకుని జ్లోటీగా మార్చిన రేటు ఎవరు పెట్టారన్నదే అసలు తగవు. ఆ రేటుని స్టేట్‌మెంట్‌లోంచి ఎలా బయటికి లాగాలో పోలండ్ అప్పుదారులు నేర్చుకున్నారు. పరాయి కరెన్సీలో అప్పున్న ఎవరికైనా ఆ పద్ధతి పనికొస్తుంది.

ముందు ఆ అప్పు తీరు తెలియాలి. చాలా ఒప్పందాల్లో ఫ్రాంకు నోట్లు ఎవరి చేతికీ రాలేదు. ఇల్లు అమ్మినవాళ్లకి బ్యాంకు జ్లోటీలే ఇచ్చింది. పుస్తకాల్లో మాత్రం ఆ మొత్తాన్ని ఫ్రాంకుల్లోకి మార్చి రాసుకుంది. నెలనెలా వాయిదా ఫ్రాంకుల్లో లెక్కగట్టి, జ్లోటీల్లోకి మార్చి, అప్పుదారు ఖాతాలోంచి తీసుకుంది. అంటే మార్పిడి రెండు చోట్ల జరిగింది. అప్పు ఇచ్చిన రోజున బ్యాంకు తన కొనుగోలు రేటు వేసింది, అది తక్కువగా ఉంటుంది. వాయిదా రోజున అమ్మకం రేటు వేసింది, అది ఎక్కువగా ఉంటుంది. ఈ రెండు రేట్లూ బ్యాంకు తానే తయారుచేసుకున్న పట్టికలోవి. రెంటి మధ్య తేడాని అక్కడ కూడా స్ప్రెడ్ అనే అంటారు. విదేశీ నోట్లు మార్చే కౌంటర్లో కొనే రేటు ఒకటి, అమ్మే రేటు ఒకటి పక్కపక్కనే రాసి ఉండటం మనం చూస్తూనే ఉంటాం. అయితే ఆ కౌంటర్ దగ్గర రేటు నచ్చకపోతే పక్క దుకాణానికి వెళ్లిపోవచ్చు. ముప్ఫై ఏళ్ల ఇంటి అప్పులో అలా వెళ్లే దారి లేదు. నా దృష్టిలో అన్యాయమంతా ఇక్కడే ఉంది.

అప్పు ఇచ్చిన రోజు లెక్కని ఊహాజనితమైన గుండ్రటి అంకెలతో చూద్దాం. అప్పు 2,40,000 జ్లోటీలు. ఆ రోజు మార్కెట్ మధ్య రేటు 2.05, బ్యాంకు కొనుగోలు రేటు 2.00. బ్యాంకు రేటుతో భాగిస్తే 1,20,000 ఫ్రాంకుల అప్పు అవుతుంది. మధ్య రేటుతో భాగిస్తే 1,17,073 ఫ్రాంకులే. చేతికొచ్చిన డబ్బు ఒక్కటే, కానీ పుస్తకంలో దాదాపు 2,927 ఫ్రాంకులు ఎక్కువ పడ్డాయి. వాటికి వడ్డీ కూడా కట్టాలి. అందుకే పరిశీలన మొదటి వాయిదా నుంచి కాకుండా అప్పు ఇచ్చిన రోజు నుంచే మొదలుపెట్టాలి. చాలామంది ఈ ఒక్క గడిని వదిలేస్తారు.

ఇక వాయిదాలు. బ్యాంకు నుంచి తీసుకోవాల్సిన స్టేట్‌మెంట్‌లో ప్రతి వాయిదాకీ నాలుగు విషయాలు ఉండాలి: డబ్బు తీసుకున్న తేదీ, ఫ్రాంకుల్లో వాయిదా ఎంత, జ్లోటీల్లో ఎంత తీసుకున్నారు, వేసిన రేటు ఎంత. మామూలు ఖాతా పాస్‌బుక్‌లో జ్లోటీల మొత్తం ఒక్కటే కనిపిస్తుంది. దానితో పని జరగదు. వడ్డీ రేటు మారినా జ్లోటీ మొత్తం మారుతుంది, ఫ్రాంకు విలువ మారినా మారుతుంది, బ్యాంకు స్ప్రెడ్ మారినా మారుతుంది. ఏది ఎంత మార్చిందో ఆ ఒక్క అంకె చెప్పలేదు. ఫ్రాంకు మొత్తం పక్కన ఉంటే మాత్రం రేటు గడి లేకపోయినా ఫర్వాలేదు. జ్లోటీలని ఫ్రాంకులతో భాగిస్తే నిజంగా వేసిన రేటు బయటపడుతుంది.

పక్కన పెట్టి చూడటానికి బ్యాంకుతో సంబంధం లేని రేటు ఒకటి కావాలి. పోలండ్ కేంద్ర బ్యాంకు ప్రతి పనిదినం మధ్యాహ్నం వేళ సగటు రేట్ల పట్టిక విడుదల చేస్తుంది. దాన్ని ‘ఎ’ పట్టిక అంటారు. 2002 జనవరి నుంచి ఉన్న రేట్లని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. తేదీ వేసి ఈ చిరునామా తెరిస్తే ఆ రోజు ఫ్రాంకు సగటు రేటు వస్తుంది:

```
https://api.nbp.pl/api/exchangerates/rates/a/chf/2012-01-16/?format=json
```

శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ పట్టిక ఉండదు. ఆ తేదీ అడిగితే ఏమీ రాదు. అలాంటప్పుడు ముందు పనిదినం రేటు తీసుకోవాలా, తర్వాతి రోజుదా అన్నది ఒప్పందమే చెప్పాలి.

మూడు వాయిదాలు వరసగా చూద్దాం. ఇవీ ఊహించిన అంకెలే. మొదటి నెల 600 ఫ్రాంకులకి 1,872 జ్లోటీలు తీసుకున్నారు, భాగిస్తే 3.12. ఆ రోజు సగటు రేటు 3.00. బ్యాంకు రేటు 4 శాతం ఎక్కువ. రెండో నెల 598 ఫ్రాంకులకి 1,901.64 జ్లోటీలు, అంటే 3.18. సగటు 3.05, తేడా 4.3 శాతం. మూడో నెల 601 ఫ్రాంకులకి 1,965.27 జ్లోటీలు, రేటు 3.27. సగటు మాత్రం మళ్లీ 3.05 దగ్గరే ఉంది. తేడా ఒక్కసారిగా 7.2 శాతానికి ఎగబాకింది.

జ్లోటీల గడి మాత్రమే చూసినవాళ్లకి మూడు నెలలూ కొద్దికొద్దిగా పెరిగినట్టు కనిపిస్తుంది, ‘ఫ్రాంకు పెరుగుతోంది కాబోలు’ అనుకుని ఊరుకుంటారు. శాతాల గడి రాసుకున్నవాళ్లకి మూడో నెల కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ నెల ఫ్రాంకు కదల్లేదు, బ్యాంకు రేటు కదిలింది. రెండో నెల రేటే వేసి ఉంటే 1,911.18 జ్లోటీలతో సరిపోయేది. 54 జ్లోటీలు అదనంగా పోయాయి.

ఇలాంటి ఎగుడు కనిపించగానే మోసం అని తేల్చెయ్యకూడదు. మూడు కారణాలు ఉండొచ్చు, మూడింటినీ విడదీయవచ్చు. మొదటిది తేదీ తేడా. గడువు ఆదివారం పడితే డబ్బు సోమవారం తీసుకుని, రేటు మాత్రం శుక్రవారానిది వేసి ఉండొచ్చు. అటూ ఇటూ రెండు మూడు రోజుల రేట్లు చూస్తే ఇది తేలిపోతుంది. రెండోది, వాయిదాలో బీమా సొమ్మో ఆలస్య రుసుమో కలిసిపోయి ఉండటం. అప్పుడు భాగహారంలో వచ్చిన రేటు నాలుగు దశాంశాల్లో ఎక్కడా తెగదు, ఏ పట్టికలోని రేటుతోనూ కలవదు. ఖాతాలో సరిపడా డబ్బు లేక ఒకే వాయిదాని రెండు రోజుల్లో రెండు ముక్కలుగా తీసుకున్నా ఇలాగే అవుతుంది, కాబట్టి ముక్కలని విడివిడిగా భాగించాలి. మూడోది బ్యాంకు స్ప్రెడ్ పెంచడం. బ్యాంకు తన పట్టికలో ఆ రోజు 3.27 అనే ప్రకటించి ఉంటే అది లెక్కలో పొరపాటు కాదు, తెలిసి పెంచిన ధర.

ఈ తేడాని మనసులో స్పష్టంగా ఉంచుకోవాలి. స్టేట్‌మెంట్ రేటు బ్యాంకు సొంత పట్టికతో కలవకపోతే అది ఒప్పందాన్ని ఉల్లంఘించడం, బ్యాంకు సరిదిద్ది తీరాలి. పట్టికతో కలిసి, కేంద్ర బ్యాంకు సగటుకి మాత్రం దూరంగా ఉంటే అప్పుడు ప్రశ్న ఒప్పందం మీదికే మళ్లుతుంది. ‘బ్యాంకు పట్టికలోని రేటు’ అని రాసి, ఆ పట్టిక ఎలా తయారవుతుందో చెప్పకపోతే అది న్యాయమైన షరతేనా? పోలండ్‌లో రెండో రకమే ఎక్కువ.

ఒకే రోజులో కూడా ఏ గంట రేటన్నది పెద్ద తేడా తెస్తుంది. 2015 జనవరి 15న ఉదయం స్విస్ కేంద్ర బ్యాంకు ఒక యూరోకి 1.20 ఫ్రాంకుల కనీస రేటుని కాపాడటం మానేస్తున్నట్టు ప్రకటించింది. ముందు రోజు మూడున్నర జ్లోటీల దగ్గరున్న ఫ్రాంకు కాసేపట్లోనే నాలుగు దాటింది. ఆ రోజు వాయిదా గడువున్న వాళ్ల స్టేట్‌మెంట్‌లో రేటు ప్రకటనకి ముందుదా, తర్వాతదా? కొన్ని బ్యాంకులు రోజుకి ఒకటికి మించి పట్టికలు ఇస్తాయి. అందుకే తేదీతోపాటు పట్టిక సంఖ్యా, అది అమల్లోకి వచ్చిన సమయమూ అడిగి తీసుకోవాలి.

చట్టం మెల్లగా వచ్చింది. 2011 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో పోలండ్ అప్పుదారులు ఫ్రాంకులు బయట కొనుక్కుని నేరుగా కట్టే హక్కు పొందారు. బ్యాంకు అమ్మకం రేటుతో ఇక పని లేదు. స్టేట్‌మెంట్‌లో ఆ తేదీకి ముందూ తర్వాతా విడదీసి చూడటం అందుకే అవసరం. హంగరీ ఇంకో దారిలో వెళ్లింది. అక్కడ 2014 చట్టం బ్యాంకుల కొనుగోలు, అమ్మకం రేట్ల షరతుని చెల్లదని చెప్పి, కేంద్ర బ్యాంకు అధికారిక రేటుతో పాత వాయిదాలు తిరిగి లెక్కించమంది. పోలండ్‌లో అలా రేటు మార్చి సరిపెట్టలేదు. 2019 అక్టోబరు 3న ఐరోపా న్యాయస్థానం, 2024 ఏప్రిల్ 25న పోలండ్ సుప్రీంకోర్టు ఇచ్చిన నిర్ణయాల తర్వాత, మార్పిడి షరతు పడిపోతే ఒప్పందం మొత్తం రద్దయ్యే పరిస్థితి వచ్చింది. అప్పుడు అప్పుదారు తీసుకున్న అసలు తిరిగివ్వాలి, బ్యాంకు పుచ్చుకున్న వాయిదాలు తిరిగివ్వాలి. శాతాల గడి అక్కడ అంతగా అక్కరకు రాదు, ఏ తేదీన ఎంత కట్టారన్న గడే ప్రధానమవుతుంది.

మన దగ్గర డాలర్లలో చదువు అప్పు తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు రూపాయల్లో వాయిదా పంపుతుంటారు. ఆ రూపాయలని డాలర్లు చేసేది చాలాసార్లు అప్పిచ్చిన సంస్థ కాదు, సొమ్ము పంపే బ్యాంకు. కాబట్టి అప్పు స్టేట్‌మెంట్‌లో రేటు వెతికితే దొరకదు. బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ అడ్వైస్‌లో చూడాలి. బ్యాంకు వేసేది టి.టి. సెల్లింగ్ రేటు. పక్కన పెట్టి చూడటానికి ఎఫ్‌బీఐఎల్ పనిదినాల్లో ప్రకటించే డాలరు రిఫరెన్స్ రేటు ఉంది. 2018 జులైకి ముందు ఆ రేటు రిజర్వు బ్యాంకే ఇచ్చేది. భాగించేముందు కరెన్సీ మార్పిడి మీద వేసే జీఎస్టీనీ పంపే రుసుమునీ తీసేయాలి, లేకపోతే రేటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అడ్వైస్‌లో రేటు విడిగా లేకపోతే, ఏ తేదీన ఏ రేటు, దాని మీద ఎంత మార్జిన్ వేశారో రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుతోపాటు తేదీ, డాలర్లు, రూపాయలు, వచ్చిన రేటు, రిఫరెన్స్ రేటు అనే ఐదు గడుల కాగితం జత చేయండి.