పాస్‌పోర్టులో ఒక లక్ష్మి, ఫారంలో ఇంకో లక్ష్మి

వీసా ఇంటర్వ్యూకు పాస్‌పోర్టులోని పేరే ప్రమాణం. మిగతా కాగితాలన్నీ దానికి అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. తేడా ఆఖరి గంటల్లో బయటపడితే ఏమవుతుందో ఒక ఊహా కథలో చూడవచ్చు.

లండన్‌లో ఎంఎస్సీ చేస్తున్న లక్ష్మికి అమెరికాలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. తెల్లవారితే అక్కడి అమెరికా ఎంబసీలో ఎఫ్-1 వీసా ఇంటర్వ్యూ. రాత్రి తొమ్మిదికి కాగితాలు ఫైల్లో సర్దుతుంటే తేడా కంటబడింది. పాస్‌పోర్టులో LAKSHMI ఉంది, ఆన్‌లైన్ దరఖాస్తు DS-160 లో LAXMI ఉంది. పదో తరగతి మెమోలో ఉన్నది రెండో స్పెల్లింగే. చిన్నప్పటి నుంచి అలవాటైన ఆ అక్షరాలే ఫారంలోనూ పడ్డాయి.

ఇలాంటప్పుడు ముందు తేల్చుకోవలసింది తప్పు ఏ కాగితంలో ఉందన్నది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున < గుర్తులతో రెండు వరుసలుంటాయి. యంత్రం చదివేది వాటినే కనుక పేరును వాటితోనూ పోల్చుకోవాలి. తప్పు యూనివర్సిటీ ఇచ్చే I-20 లో ఉంటే దాన్ని అక్కడి విదేశీ విద్యార్థుల విభాగమే సరిచేయాలి. లండన్‌లో రాత్రి తొమ్మిదంటే న్యూయార్క్‌లో సాధారణంగా సాయంత్రం నాలుగే. ఆఫీసు మూసేలోగా ఫోన్ చేస్తే కొత్త I-20 ఈమెయిల్లో రావచ్చు. తప్పు పాస్‌పోర్టులోనే ఉంటే మాత్రం రాత్రికి రాత్రి చేయగలిగేదేమీ లేదు. కొత్త పాస్‌పోర్టు తీసుకుని ఇంటర్వ్యూకు మరో తేదీ వేయించుకోవాలి.

లక్ష్మి I-20 సరిగ్గానే ఉంది. తప్పు DS-160 లోనే. ఒకసారి సమర్పించిన ఆ ఫారంలో అక్షరం దిద్దడం కుదరదు, కొత్తది నింపాల్సిందే. పాత దరఖాస్తు నంబరుతో వివరాలు వెనక్కి తెచ్చుకుని ఆమె పేరు మార్చింది. ఇతర పేర్లు ఎప్పుడైనా వాడారా అన్న ప్రశ్నకు అవునని చెప్పి, మెమోలోని స్పెల్లింగ్ రాసింది. దాంతో సర్టిఫికెట్లలో తేడా ఎందుకుందో ఫారంలోనే నమోదైంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. కొత్త ఫారానికి కొత్త నంబరు వస్తుంది, అపాయింట్‌మెంట్ మాత్రం పాత నంబరు మీదే ఉంటుంది. ఖాతాలో నంబరు మార్చే వీలుంటే వెంటనే మార్చాలి. చాలాచోట్ల దీనికి కొన్ని రోజుల ముందే గడువు ముగుస్తుంది. లక్ష్మికీ ఆ వీలు దొరకలేదు. రెండు ఫారాల నిర్ధారణ పేజీలూ ప్రింటు తీసుకుని, మొదటి కౌంటర్‌లో అడగకముందే సంగతి చెప్పింది. అక్కడి సిబ్బంది కొత్త నంబరును నమోదు చేసుకుని లోపలికి పంపారు. అన్నిచోట్లా ఇలా ఒప్పుకుంటారన్న హామీ లేదు. నంబర్లు కలవకపోతే వేరే తేదీకి రమ్మని వెనక్కి పంపే అధికారం వారికి ఉంటుంది.

వీసా అతికించిన పాస్‌పోర్టు చేతికందాక స్టిక్కర్ మీద పేరును మళ్లీ అక్షరమక్షరం చూసుకోవాలి. అందులో తప్పుంటే ప్రయాణానికి ముందే ఎంబసీకి తెలిపి దిద్దించుకోవాలి.